చనిపోయిన పాత్ర కళ్ళు తెరిస్తే



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన సినిమా ఎడిటర్. ముగింపు కుదరని సినిమా ఆయన బల్ల మీదికి వస్తే ఉన్న షాట్లలోంచే దారి వెతికేవారు. లేని షాట్ కావాలంటే నటుణ్ణి మళ్ళీ పిలవాలి, సెట్ మళ్ళీ వేయాలి, కాల్షీట్లు దొరకాలి. నటుడు రానంటే కథ అక్కడితో ఆగిపోయేది. సినిమా చట్టాలన్నీ ఆ రోజుల్లో రాసినవే. నటుడి శరీరం రాకుండా కొత్త షాట్ పుట్టదన్నది వాటికి పునాది. ఎవరూ దాన్ని కాగితం మీద పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమే రాలేదు.

2025 ఆగస్టు 1న తమిళనాడు థియేటర్లలో ఆ పునాది కదిలింది. నేను సినిమా ఒప్పందాలు రాసుకునే న్యాయవాదిని. కాబట్టి యంత్రం బొమ్మ ఎలా గీస్తుందన్నది వదిలేసి, ఆ బొమ్మ వెనక ఎవరి సంతకం ఉండాలన్న దాని గురించే మాట్లాడతాను.

ఆనంద్ ఎల్. రాయ్ తీసిన 'రాంఝనా' 2013లో వచ్చింది. కాశీలో పెరిగిన కుందన్ పాత్ర ధనుష్‌ది. చివర్లో కుందన్ ఆసుపత్రి మంచం మీద చనిపోతాడు. బతకాలన్న కోరిక లేక వెళ్ళిపోతాడనడం ఇంకా సరైన మాట. ఆ చావుకు వ్యాఖ్యానం కూడా అతని గొంతులోనే వినిపిస్తుంది. దీని తమిళ అనువాదం 'అంబికాపతి'. పన్నెండేళ్ళ తర్వాత ఈరోస్ సంస్థ ఆ తమిళ రూపాన్ని మళ్ళీ విడుదల చేస్తూ కృత్రిమ మేధతో ముగింపు మార్చింది. కొత్త ముగింపులో కుందన్ కళ్ళు తెరుస్తాడు, బతుకుతాడు.

దర్శకుడు తనకు మాటమాత్రమైనా చెప్పలేదన్నారు. ధనుష్ తాను అభ్యంతరం చెప్పినా ఆగలేదని, సినిమా ఆత్మే పోయిందని బహిరంగ ప్రకటన చేశారు. ఈరోస్ జవాబు సూటిగా ఉంది: కాపీరైటు మాది, చట్టం దృష్టిలో కర్తలం మేమే, ఇది ప్రత్యామ్నాయ రూపమని స్పష్టంగా చెప్పాం, పాత సినిమాను ఎవరూ చెరిపేయలేదు. వినగానే అహంకారంలా అనిపించవచ్చు గానీ చట్టం పుస్తకం తెరిస్తే అందులో చాలావరకు నిజమే. నా మిత్రులైన దర్శకులకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నామీద కోపం వస్తుంది.

1957 నాటి కాపీరైటు చట్టం సినిమాకు కర్త ఎవరని అడిగి, నిర్మాత అని తనే జవాబు చెప్పింది. నిర్మాత అంటే సినిమా తయారీకి చొరవ తీసుకుని, బాధ్యత మోసినవాడు. ఆ నిర్వచనంలో దర్శకుడి పేరు లేదు. 2010లో పార్లమెంటు ముందుకొచ్చిన సవరణ బిల్లు ప్రధాన దర్శకుణ్ణి కూడా నిర్మాతతోపాటు కర్తగా చేర్చాలనుకుంది. 2012లో చట్టమయ్యే నాటికి ఆ మాట ఎగిరిపోయింది. కర్త తన రచన వికృతం కాకుండా అడ్డుకునే ప్రత్యేక హక్కు 57వ సెక్షన్‌లో ఉంది. కాపీరైటు అమ్ముకున్నా అది కర్త దగ్గరే ఉంటుంది. కానీ సినిమా విషయంలో కర్త నిర్మాతే అయ్యాడు కదా! తన సినిమాను తానే వికృతం చేశానని నిర్మాత తనమీద తానే దావా వేసుకోడు.

దర్శకుడి కన్నా రచయిత పరిస్థితి కొంత మెరుగు. స్క్రిప్టు ఒక సాహిత్య రచన. దానికి కర్త రచయితే. సినిమా మీది కాపీరైటు ఆ రచన మీది హక్కును మింగేయదని చట్టం విడిగా చెప్పింది. 1986లో మన్నూ భండారీ తన నవల 'ఆప్ కా బంటీ'ని సినిమాగా తీస్తూ ముగింపుతో సహా పాడుచేశారని కోర్టుకెళ్ళినప్పుడు, 57వ సెక్షన్ రచయితకు ఉత్తుత్తి అలంకారం కాదని ఢిల్లీ హైకోర్టు తేల్చింది. తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. అయినా తీర్పు నిలిచింది. ముగింపు మార్చినవారి మీద మన దేశంలో అన్నిటికంటే గట్టిగా నిలబడగల వాదన రచయితదేనని నా అభిప్రాయం. అయితే రాంఝనా గొడవలో రచయిత పేరు పత్రికల్లో దాదాపు వినబడలేదు.

ఇక నటుడి సంగతి. 2012 సవరణ నటులకు రెండు హక్కులిచ్చింది. తన నటనను రికార్డు చేయడం, ప్రతులు తీయడం, ప్రజలకు చేరవేయడం మీద హక్కు ఒకటి. తన ప్రతిష్ఠ దెబ్బతినేలా తన నటనను వికృతం చేస్తే అడ్డుకునే నైతిక హక్కు రెండోది. మొదటిదానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. తన నటనను సినిమాలో చేర్చడానికి నటుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, వేరే షరతు లేనంతవరకు, అదే సినిమాలో నిర్మాత ఆ హక్కును అనుభవించడాన్ని కాదనలేడు. "అదే సినిమాలో" అన్న షరతు మీద ఇవాళ మా వృత్తిలో ఎంత వాదనైనా చేయొచ్చు. నాయకుడు చనిపోయిన సినిమా, నాయకుడు బతికిన సినిమా ఒకటేనా? సినిమా మొత్తంలో కొన్ని నిమిషాలే మారాయి కాబట్టి ఒకటే అని నిర్మాత తరఫు వకీలు అంటాడు. ఆ కొన్ని నిమిషాల కోసమే మిగతా సినిమా నడిచింది కాబట్టి వేరే అని నటుడి తరఫు వకీలు అంటాడు. నేనైతే రెండోవాడి పక్కన కూర్చుంటాను.

అంతకంటే లోతైన చిక్కు మరొకటుంది. చట్టం నటనకిచ్చిన నిర్వచనం ప్రకారం అది మనిషి ప్రత్యక్షంగా చేసి చూపినదై ఉండాలి. కుందన్ కళ్ళు తెరిచిన షాట్‌ను ధనుష్ చేయలేదు. ఎవరూ చేయలేదు. కాబట్టి ఆ షాట్ మీద ధనుష్‌కు నటుడిగా హక్కు పుట్టదు. ముఖం అతనిది, చేష్ట అతనిది కాదు. వికృతం చేశారన్న రెండో హక్కు పట్టుకుందామంటే, దేన్ని వికృతం చేశారో చూపించాలి. నిజంగా నటించిన మరణ దృశ్యాన్ని తీసేశారు, దానికి ముందున్న నటనకు అర్థం మార్చారు అని వాదించవచ్చు. కానీ ఎడిటింగులో కొంత భాగం తీసేయడం మాత్రమే వికృతం కిందికి రాదని ఆ హక్కిచ్చిన సెక్షన్ కిందే వివరణ కూడా ఉంది. తీసేయడం వికృతం కాదు, చేర్చినది నటన కాదు. నటుడు ఈ రెండిటి మధ్య పడిపోతున్నాడు.

చేసిన నటనకూ పుట్టించిన నటనకూ తేడా ఎంతదో 2025లోనే మరో సినిమా చూపించింది. 'షోలే'లో ఠాకూర్ గబ్బర్‌ను చంపేసే ముగింపును మొదట చిత్రించారు. 1975లో, ఎమర్జెన్సీ రోజుల్లో, సెన్సారు వద్దనడంతో పోలీసులు వచ్చి ఆపే ముగింపు పెట్టారు. యాభై ఏళ్ళ తర్వాత, 2025 జూన్‌లో, ఇటలీలోని బొలోన్యా చిత్రోత్సవంలో మొదటి ముగింపుతో పునరుద్ధరించిన ప్రతిని వేశారు. అక్కడా ముగింపు మారింది. కానీ తెర మీద కనిపించింది సంజీవ్ కుమార్, అమ్జద్ ఖాన్ తమ ఒంటితో చేసిన పని. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేకపోయినా ఆ షాట్ తీసిన రోజు వాళ్ళకు తెలుసు, ఒప్పుకున్నారు, కెమెరా ముందు నిలబడ్డారు. రాంఝనాలో లేనిది సరిగ్గా అదే.

రాంఝనా కాలపు ఒప్పందాలు ఎలా ఉండేవో నాకు తెలుసు, అలాంటివి నేనూ రాశాను. "ఇప్పుడున్నవీ, ఇకముందు కనిపెట్టబోయేవీ అయిన సకల మాధ్యమాల్లో, విశ్వమంతటా, శాశ్వతంగా" అని రాస్తాం. భూగోళం చాలదన్నట్టు విశ్వమంతా రాయించుకునే ఆ వాక్యాన్ని సంతకం పెట్టేవారెవరూ చదవరు. అయితే 2012 సవరణ దానికి ఒక కళ్ళెం వేసింది. హక్కులు రాసిచ్చిన నాటికి వాడుకలో లేని మాధ్యమానికో, వినియోగ పద్ధతికో ఆ రాసివ్వడం వర్తించదు, పేరు పెట్టి చెప్పి ఉంటే తప్ప. నటుల హక్కులకూ ఈ నియమాన్ని తగుమార్పులతో వర్తింపజేశారు. నటుడి ముఖంతో కొత్త అభినయాన్ని పుట్టించడం 2013లో వ్యాపారంలో ఉన్న పద్ధతి కాదు. ఇది కొత్త వినియోగ పద్ధతా, కేవలం కొత్త సాంకేతిక పరికరమా అన్నది కోర్టు తేల్చాలి. పొలాన్ని కౌలుకిచ్చినవాడు చెరువు తవ్వుకోమని ఇచ్చినట్టు కాదు కదా అని నేను వాదిస్తాను.

ఇప్పుడు మనింటికి వద్దాం. 1953లో వచ్చిన 'దేవదాసు'ను తీసుకోండి. ఎవరైనా రేపు అక్కినేని నాగేశ్వరరావు గారి దేవదాసును పార్వతి ఇంటి ముందు చనిపోనివ్వకుండా లేపి కూర్చోబెట్టారనుకుందాం. ఆపగలిగేది ఎవరు?

సినిమా మీద కాపీరైటు విడుదలైన ఏడాది ముగిశాక అరవై ఏళ్ళు. అంటే 2013 డిసెంబరుతో అయిపోయింది. కాపీరైటు పేరుతో నిర్మాత వారసులు ఆపలేరు. శరత్‌చంద్ర 1938లో కన్నుమూశారు, ఆ నవల ఎప్పుడో అందరిదీ అయిపోయింది. నటుల హక్కు గడువు యాభై ఏళ్ళే. పైగా ఆనాటి సినిమా నటనకు ఆ హక్కే లేదు. నాగేశ్వరరావు గారు 2014 జనవరిలో వెళ్ళిపోయారు. మనిషి పోతే అతని పేరు, రూపం, గోప్యతల మీది హక్కులు వారసులకు రావని మద్రాసు హైకోర్టు జయలలిత విషయంలో 2021లో చెప్పింది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2023లో అదే దారి పట్టింది. ఇక మిగిలింది మాటలు, పాటలు. అవి సముద్రాల రాఘవాచార్యులు గారివి. ఆయన 1968లో పోయారు. రచయిత మరణించిన ఏడాది ముగిశాక అరవై ఏళ్ళు అంటే 2028 చివరిదాకా వాటికి కాపీరైటు ఉంటుంది. నాయకుడి ముఖాన్ని ఏమైనా చేయవచ్చు గానీ, ఆయన పెదవులు కదిపిన పాటను ముట్టుకుంటే మాత్రం ఎవరిదో అనుమతి కావాలి. దేవదాసు ముఖానికి లేని రక్షణ అతని పాటకుంది.

'మాయాబజార్‌'కు 2010లో రంగులద్దినప్పుడు కూడా కొందరు గొణిగారు. కానీ అందులో ఘటోత్కచుడు కొత్తగా ఏ పనీ చేయలేదు, ఎస్వీ రంగారావు గారు చేసిందే చేశాడు. రంగులద్దడానికీ, చేయని పని చేయించడానికీ మధ్య గీత అక్కడుంది.

ఈ చట్టం ఖాళీని మన సినిమావాళ్ళు రెండు రకాలుగా నింపుకున్నారు. 2024 సెప్టెంబరులో విడుదలైన తమిళ 'గోట్' సినిమాలో అంతకు ఎనిమిది నెలల ముందు మరణించిన విజయకాంత్‌ను కృత్రిమ మేధతో తెర మీదికి తెచ్చారు. అంతకుముందే ఆయన భార్యను అడిగి అనుమతి తీసుకున్నారు. 'లాల్ సలాం'లో ఎ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడుతూ కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం కూడా ఇచ్చారు. దానికి భిన్నంగా మన తెలుగులో 'కీడా కోలా' సినిమాకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును పుట్టించారంటూ ఆయన కుమారుడు చరణ్ 2024 మొదట్లో లీగల్ నోటీసు ఇచ్చారు. అనుమతి అడగకపోవడమే ఆయన బాధ. ఇందులో ఒక వింత గమనించండి. వారసులకు హక్కు లేదని కోర్టులు అంటున్నాయి. పరిశ్రమలో మర్యాద తెలిసినవారు మాత్రం ఆ వారసుల దగ్గరికే వెళ్తున్నారు. చట్టం ఇవ్వని హక్కును ఆచారం ఇస్తోంది. ఆచారం గట్టిపడితే చట్టమవుతుందని ఆశపడేవాళ్ళలో నేనొకణ్ణి. కానీ మర్యాద తెలియనివాడి మీద ఆచారం పనిచేయదు.

బతికున్నవారికి రక్షణ ఉంది, డబ్బుంటే. అనిల్ కపూర్‌కు 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఈ దారిలో ముఖ్యమైనది. 2025 సెప్టెంబరులో నాగార్జున గారు అదే కోర్టుకు, చిరంజీవి గారు హైదరాబాదు సిటీ సివిల్ కోర్టుకు వెళ్ళి తమ పేరు, ముఖం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఈ ఉత్తర్వులన్నిటికీ ఆధారం ఆ వ్యక్తికి ఉన్న పేరుప్రఖ్యాతులు, వాటి వ్యాపార విలువ. కృష్ణానగర్‌లో ఉంటూ రోజుకూలీకి గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు ఆ విలువను ఏ కాగితంతో నిరూపించుకోవాలి? ఒకరోజు అతని చుట్టూ కెమెరాలు పెట్టి ఒళ్ళంతా స్కాన్ చేసుకుంటే, ఆ తర్వాత యుద్ధ సన్నివేశాల్లో అతను వందసార్లు చావచ్చు, కూలీ మాత్రం ఒక్కరోజుదే. హాలీవుడ్ నటులు 2023లో 118 రోజులు సమ్మె చేసి సాధించుకున్న వాటిలో ఇది కూడా ఉంది. గుంపులో నిలబడేవాడి నకలు తయారుచేయాలన్నా ముందుగా అనుమతి కావాలి, దేనికి వాడతారో తగినంత వివరంగా చెప్పాలి.

రష్మికా మందన్న ముఖంతో 2023 నవంబరులో తిరిగిన వీడియో గుర్తుంది కదా. లిఫ్టులోకి వచ్చిన శరీరం బ్రిటన్‌లో ఉండే మరో యువతిది. పోలీసులు గుంటూరు జిల్లాకు చెందిన ఒక అభిమానిని పట్టుకున్నారు. తన పేజీకి అనుచరులను పెంచుకోవడానికి చేశాడట. దేశమంతా ముఖం గురించి మాట్లాడింది. ఎవరి శరీరం వాడుకున్నారో ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదన్న సంగతి చాలా తక్కువమంది పట్టించుకున్నారు. ఇలాంటి ప్రతి వీడియోలోనూ అడగాల్సిన అనుమతులు కనీసం రెండు.

మనిషి పోలిక వదిలి సినిమా పోలికకు వస్తే మరో తకరారు. భుజాన శివలింగం మోస్తూ జలపాతం వైపు నడిచే యువకుణ్ణి, 'బాహుబలి'లో ఉన్న కోణాల్లోనే, వేరే ముఖంతో ఎవరైనా పుట్టించారనుకోండి. అసలు సినిమాలోని ఒక్క ఫ్రేమునూ కోయలేదు, అతకలేదు. ఇది సినిమాకు కాపీయేనా? రెండు దశాబ్దాల కిందట బొంబాయి హైకోర్టు ఒక వాణిజ్య ప్రకటన కేసులో, సినిమాకు కాపీ అంటే ఆ ఫిల్మునుంచి నేరుగా తీసిన నకలేనని, కొత్తగా చిత్రించింది కాపీ కాదని చెప్పింది. 2019లో ఢిల్లీ హైకోర్టు ఎంఆర్ఎఫ్ టైర్ల ప్రకటన కేసులో దాన్ని ఒప్పుకోలేదు. సారం ఎత్తుకున్నా కాపీయే అంది. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో పెట్టిన కొలమానం ప్రకారం, రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని నకలేనన్న భావన తప్పనిసరిగా కలగాలి. అప్పట్లో మళ్ళీ చిత్రించడం ఖర్చుతో కూడిన పని, కాబట్టి బొంబాయి మాట పెద్దగా హాని చేయలేదు. ఇవాళ అది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. యంత్రం ఎప్పుడూ ఫ్రేమును కోయదు, ప్రతిసారీ కొత్తగానే గీస్తుంది. బొంబాయి కొలమానంతో అది ఎప్పటికీ దొరకదు.

2026 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ఐటీ నిబంధనలు కృత్రిమంగా పుట్టించిన వీడియోలకు ముద్ర ఉండాలన్నాయి. మంచిదే. కానీ ఈరోస్ కూడా దాచిపెట్టలేదు, ముగింపు యంత్రంతో మార్చామని ప్రచారం చేసుకునే వేసింది. బొమ్మ నిజమైనదా కాదా అన్నది ముద్ర చెబుతుంది. ఒప్పుకున్నారా లేదా అన్నది చెప్పదు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి, ముద్ర వేశాం కాబట్టి పని అయిపోయిందనుకోవడం ఇప్పుడు బాగా కనిపిస్తోంది.

కాబట్టి చట్టం మారేలోగా కాగితాలైనా మారాలి. నా దగ్గరికి వచ్చే నటుల ఒప్పందాల్లో "సకల మాధ్యమాల" వాక్యాన్ని ఉంచుతూనే దాని కింద మరో పేరా రాస్తున్నాను. నటుడు చేయని అభినయాన్ని అతని రూపంతోనో గొంతుతోనో పుట్టించడం ఈ ఒప్పందంలోకి రాదు, ప్రతిదానికీ సన్నివేశం వివరం చెప్పి విడిగా సంతకం తీసుకోవాలి. హిందీకో తమిళానికో డబ్ చేసేటప్పుడు పెదవుల కదలిక సరిచేయడం వరకు ముందే అనుమతిస్తాం. అది లేకపోతే నిర్మాతకు పని జరగదు, నటుడికీ నష్టమేమీ లేదు. పాత్ర చావుబతుకులు, శృంగారం, మతం, రాజకీయ ప్రచారం మాత్రం ఎంత చిన్న మార్పైనా అడగాల్సిందే. పుట్టించిన షాట్‌కు, మనిషి వచ్చి చేసి ఉంటే ఎన్ని రోజులు పట్టేదో అన్ని రోజుల పారితోషికం ఇవ్వాలి. ఈ లెక్క హాలీవుడ్ ఒప్పందం నుంచి తీసుకున్నదే. నటుడు మరణిస్తే అనుమతి ఎవరివ్వాలో పేరు రాస్తున్నాం. కోర్టులు వారసత్వాన్ని ఒప్పుకోకపోయినా ఒప్పందం నిర్మాతను కట్టిపడేస్తుంది. అయితే సినిమా హక్కులు మరొకరికి అమ్ముడుపోయినప్పుడు కొన్నవాడికీ ఈ షరతు తగిలేలా అమ్మకపు పత్రంలో మళ్ళీ రాయించాలి. దీన్ని మరిచిపోతే పైన రాసిందంతా వృథా. పాత సినిమాల హక్కులు ఎన్ని చేతులు మారతాయో మీకు తెలుసు.

పెద్ద నటులు ఈ పేరాకు నిర్మాతలను ఒప్పించుకుంటున్నారు. దర్శకుల కోసం ఇలాంటిదే ఒకటి, ముగింపు మార్చాలంటే దర్శకుడి సంతకం కావాలని, రాసి ఇస్తే మొదటి సినిమా తీస్తున్న కుర్రాళ్ళు దాన్ని కొట్టేసి ఇస్తున్నారు. నిర్మాత చేజారిపోతాడేమోనని భయం. స్కాన్ చేసిన శరీరం వివరాలు సినిమా పూర్తయ్యాక ఎవరి దగ్గర ఉండాలి, ఎప్పుడు చెరిపేయాలి, చెరిపేశారని ఎలా తెలుస్తుంది అన్నదాని మీద మాత్రం ఇప్పటిదాకా ఏ నిర్మాతతోనూ నాకు మాట కుదరలేదు. గ్రాఫిక్స్ స్టూడియో దగ్గరుందంటారు. స్టూడియోవాళ్ళేమో నిర్మాతకు ఇచ్చేశామంటారు.